పాలసీ నాటికకి విలన్ అక్కర్లేదు

పోయిన నెల మన డిపార్ట్‌మెంట్‌కి ఒక పని వచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. మా చిన్నమ్మ పనిచేసే గార్మెంట్స్ యూనిట్ వాళ్ళు, తమ దగ్గర తెలుగు మాట్లాడే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, ప్రవర్తనా నియమాల పాలసీలో ఒక భాగాన్ని పది నిమిషాల నాటికగా రాసి ఆడమని అడిగారు. లైంగిక వేధింపుల భాగం అది. పదకొండు పేజీల ఇంగ్లీషు, వెనకే పిన్ను కొట్టిన కన్నడం. తెలుగు లేదు. కోలారు వైపు నుంచి, అనంతపురం వైపు నుంచి వచ్చిన వాళ్ళు అందులో చేరిన రోజే చివరి పేజీలో సంతకం పెట్టేసి ఉంటారు. మా చిన్నమ్మ కూడా పెట్టింది. ఏముందో ఇప్పటిదాకా తెలియదంది.

మనం రెండు డ్రాఫ్టులు రాశాం. మొదటిదాన్ని క్లాసులో చదివినప్పుడు ఈలలు కూడా పడ్డాయి. రెండోదానికి "బాగుంది కానీ చప్పగా ఉంది" అన్నారు. ఆడింది రెండోదాన్ని. అప్పట్నుంచి క్యాంటీన్‌లో నేను వినేది ఒకటే: మంచి నాటికని పాడు చేశారని. పాడు చేసిన వాళ్ళలో మొదటిదాన్ని నేనే కాబట్టి, ఎందుకు చేశానో ఇక్కడ రాస్తున్నా.

మొదటి డ్రాఫ్ట్ గుర్తుంది కదా. సూపర్‌వైజర్‌కి మీసాలు. వచ్చీరాగానే మెలేస్తాడు, పాట పాడతాడు, కొత్తగా చేరిన అమ్మాయి చెయ్యి పట్టుకుంటాడు. ఆ అమ్మాయి చెంప పగలగొడుతుంది. అందరూ చప్పట్లు. తర్వాత పట్టుచీరలో ఒక మేడం వచ్చి 2013 చట్టం, సెక్షన్ 4 అంటూ రెండు నిమిషాలు అప్పజెబుతుంది. సూపర్‌వైజర్ ఉద్యోగం పోతుంది. తెర.

ఆ ఆదివారం దాన్ని పట్టుకుని చిన్నమ్మ ఇంటికి వెళ్ళా. మా ఇంట్లో నాన్న వైపు కన్నడం, అమ్మ వైపు తెలుగు. చిన్నమ్మ తెలుగు చదవడం నెమ్మది, అందుకే నేనే చదివి వినిపించా. ఆమె లైన్‌లో పనిచేసే ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు. చెంపదెబ్బ దగ్గర ముగ్గురూ నవ్వారు. అయిపోయాక చిన్నమ్మ అన్నది: "ఇట్లాటోడు వస్తే మాకు నాటకం చూపించే పనే లేదు పాపా. వీణ్ణి చూస్తానే తెలిసిపోతాది. మా దగ్గర ఉండేటోడు అందరికీ టీ తెప్పిస్తాడు. ఎవరికన్నా జ్వరమొస్తే మాత్రలు తెచ్చిస్తాడు. వాని గురించి ఒక పిల్ల ఏమన్నా చెబితే మాకే నమ్మబుద్ధి కాదు."

ఆమె ఇంకో మాట కూడా అన్నది. రెండేళ్ళ కిందట వాళ్ళ లైన్‌లోనే ఒక అమ్మాయి చెప్పకుండా పని మానేసి ఊరెళ్ళిపోయిందట. వెళ్ళే ముందు రోజు చిన్నమ్మతో ఏదో చెప్పబోయిందట. ఆరోజు టార్గెట్ ఒత్తిడిలో చిన్నమ్మ "రేపు మాట్లాడదాం లే" అన్నది. ఆ రేపు రాలేదు. ఇది చెబుతున్నప్పుడు చిన్నమ్మ నవ్వలేదు.

రెండో డ్రాఫ్ట్ అక్కడ మొదలైంది.

చెంపదెబ్బ గురించి ముందు చెబుతా. పదకొండు పేజీలూ రెండుసార్లు వెతికా. కొట్టమని ఎక్కడా లేదు. ఉండదు కూడా. నిజంగా ఫ్లోర్‌లో ఎవరైనా సూపర్‌వైజర్‌ని కొడితే, ఆరోజు సాయంత్రానికి విచారణ ఎదుర్కొనేది ఆ అమ్మాయే. పాలసీని నాటిక చేయడం అంటే, పాలసీ చెప్పిన సరైన పని ఏదో దాన్ని మనిషి చేత చేయించి చూపించడం. మన మొదటి నాటికలో సరైన పని ఏదీ జరగనే లేదు. ఒక తప్పు జరిగింది, దానికి పాలసీలో లేని జవాబు వచ్చింది, చివర్లో పాలసీని బయటి మనిషి ఉపన్యాసంగా చెప్పింది. మూడు ముక్కలూ ఒకదానికొకటి అతకలేదు.

ఇంకా పెద్ద లోపం, అందులో సందిగ్ధం లేదు. మేడం మనకి ఒక పరీక్ష చెప్పారు: జవాబు వచ్చే ముందు నాటికని ఆపి, ఇప్పుడేం చెయ్యాలని చూసేవాళ్ళని అడగండి. అందరి చేతులూ ఒకే వైపు లేస్తే అది సందిగ్ధం కాదు, పాఠం. మొదటి డ్రాఫ్ట్‌తో క్లాసులో చేసి చూశాం. అందరూ "కొట్టాలి" అన్నారు. ఏదీ ఆలోచించే పనిలేకుండా ఒప్పుకున్నది ఇంటికెళ్ళేలోపు మరిచిపోతాం.

సరే, సందిగ్ధం ఎక్కడ దొరుకుతుంది? పాలసీని అందుకోసం చదవాలి. నిర్వచనం దగ్గర ఐదు రకాల ప్రవర్తనలు ఉంటాయి: ముట్టుకోవడమూ మీద మీదకి రావడమూ, లైంగికమైన కోరిక అడగడం, ఆ అర్థం వచ్చే మాటలు, అశ్లీల బొమ్మలు చూపించడం, మాటతో గానీ సైగతో గానీ అలాంటి ఇంకేదైనా. వీటన్నిటికీ ముందు ఒక మాట ఉంది, అవాంఛితం అని. మనం "ఇష్టం లేని" అని మార్చాం. ఈ జాబితా ఏదో కంపెనీ కూర్చుని రాసింది కాదు. రాజస్థాన్‌లో బాల్యవివాహాలు ఆపే ప్రభుత్వ పనిలో ఉన్న భఁవరీ దేవి మీద 1992లో జరిగిన అత్యాచారం తర్వాత, విశాఖ కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ ఐదూ ఉన్నాయి. 2013 చట్టంలోకి దాదాపు అలాగే వచ్చాయి. ఆమెకి అది జరిగింది ఆమె చేస్తున్న ఉద్యోగం వల్ల. అందుకే ఈ చట్టానికి పని చోటు అంత ముఖ్యం.

దాని తర్వాతి పేరాని మనలో చాలామంది దాటేశాం. నేనూ దాటేశా. ఈ ప్రవర్తన ఏ పరిస్థితుల్లో వేధింపు అవుతుందో అక్కడ ఉంది. పనిలో ప్రత్యేకంగా మేలు చేస్తానని, సూచనగా అయినా సరే, ఆశ పెట్టడం. కీడు చేస్తానని బెదిరించడం. ఉద్యోగం గురించి బెదిరించడం. పని చేసుకోలేని వాతావరణం కల్పించడం. ఆరోగ్యానికో భద్రతకో దెబ్బ తగిలేలా అవమానించడం. వీటిలో మొదటిది చదివి వినిపించగానే చిన్నమ్మ స్నేహితురాలు "ఆ, కాలర్ నుంచి లేబుల్‌కి మార్చేది" అన్నది. షర్టు లైన్‌లో కాలర్ కుట్టడం కష్టం, లేబుల్ కుట్టడం సులువు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో సూపర్‌వైజర్ చేతిలో ఉంటుంది. పాలసీలో ఒకటిన్నర లైన్ల చట్టభాష ఆమెకి ఒక మిషను మీద నుంచి ఇంకో మిషను మీదకి మారడంగా అర్థమైంది. ఆ ఒక్క వాక్యం మీదే నాటిక మొత్తం కట్టాం. పదకొండు పేజీలనీ పది నిమిషాల్లో కుక్కితే ఏదీ మిగలదు.

ఇక సందిగ్ధం ఎవరిది అన్న ప్రశ్న. వేధింపు ఎదుర్కొంటున్న అమ్మాయిది అని అందరం అనుకున్నాం. నాకు అది న్యాయంగా అనిపించలేదు. సందిగ్ధం ఆమెది చేసి, చివర్లో "సరైన జవాబు" చూపిస్తే, నిజ జీవితంలో ఆ జవాబు చెప్పలేకపోయిన ప్రతి అమ్మాయినీ మనం తప్పు చేసినట్టు చూపించినట్టే కదా. వేదిక కింద అలాంటి వాళ్ళు కచ్చితంగా కూర్చుని ఉంటారు. అందుకని సందిగ్ధాన్ని పక్క మిషను మీద ఉండే అక్కకి ఇచ్చాం. చిన్నమ్మకి ఆరోజు వచ్చినది ఆ సందిగ్ధమే.

అసలు సంఘటనని వేదిక మీద చూపించొద్దని కూడా నిర్ణయించాం. దీని మీదే ఎక్కువ గొడవైంది. "చూపించకపోతే ఏది వేధింపో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగారు. నా జవాబు రెండు ముక్కలు. ఒకటి, చూపిస్తే చూసేవాళ్ళందరూ సాక్షులైపోతారు. నిజంలో అక్క దగ్గర ఉండేది ఆ అమ్మాయి మాట ఒక్కటే. ఆ మాటని పట్టుకుని ఏం చెయ్యాలన్నదే కష్టం. ఆ కష్టాన్ని తీసేస్తే నాటిక అబద్ధం అవుతుంది. రెండోది, వాళ్ళ నిజమైన సూపర్‌వైజర్లు వెనక వరుసలో నిలబడి ఉండగా, మన అమ్మాయి ఒకతె చెయ్యి పట్టించుకునే దృశ్యం ఆడటం ఎవరికి మంచిది?

మధ్య భాగం ఇక్కడ ఇస్తున్నా, చూడనివాళ్ళ కోసం.

(భోజనాల గంట. మంజుల టిఫిన్ బాక్సు మూత తీయలేదు. పక్కన రత్న.)

రత్న: ఏమే, తినవా? సాయంత్రం దాకా ఉండాల గదా.

మంజుల: ఆకలి లేదక్కా.

రత్న: నిన్ను లేబుల్‌కి మార్చినారంట. మంచిదే గదా, భుజం నొప్పి తగ్గతాది.

మంజుల: దాని గురించేనక్కా. ఆయనే మార్చినాడు. మార్చి, "నీకు నేను ఇంత చేసినా, నాకు నువ్వేం చేయవా" అంటాడు. బండిల్ ఇచ్చేటప్పుడు చెయ్యి పట్టుకుంటాడు. ఆదివారం ఫోన్ చేస్తాడు.

రత్న: ఎన్నాళ్ళ నుంచి?

మంజుల: ఉగాది అయినప్పట్నుంచి. నేను స్టూలు వెనక్కి జరుపుకుంటా. ఫోన్ ఎత్తను. ఎత్తకపోతే మర్నాడు టార్గెట్ కాలేదని అందరి ముందర అరుస్తాడు. అక్కా, ఎవరికీ చెప్పొద్దు. మా నాయనకి తెలిస్తే పని మాన్పించి పెండ్లి చేస్తాడు. నీ మీద నమ్మకంతో చెప్పినా.

(మంజుల వెళ్తుంది. ఫ్లోర్ ఇన్‌చార్జ్ వస్తాడు.)

ఇన్‌చార్జ్: రత్నమ్మా, ఆ పిల్ల ఏడుస్తా ఉండాదంట. లైన్‌లో ఏమన్నా గలాటా ఉంటే నాకు చెప్పు. షిప్‌మెంట్ వారం, పెద్దది చేసుకోవద్దు. ఎవరన్నా ఏమన్నా అనింటే నేను సారీ చెప్పిస్తా. పిల్లని నాలుగో లైన్‌కి మారుస్తా. సరిపోతాది.

(ఇద్దరూ కదలకుండా ఆగుతారు. రత్న ఒక్కతే ముందుకొస్తుంది.)

రత్న: చెప్పొద్దని మాట తీసుకునింది. చెప్పకపోతే రేపు ఇంకో పిల్లని ఆ మిషను మీద కూర్చోబెడతాడు. ఈ సార్ మంచోడే, ఇప్పుడే తీరుస్తానంటాడు. నేనేం చెయ్యాల?

ఇక్కడ ఆపి చేతులెత్తమన్నాం. మాట నిలబెట్టుకుని ఊరుకోవాలన్న వాళ్ళు కొందరు, ఇన్‌చార్జ్‌కి చెప్పాలన్న వాళ్ళు కొందరు, తానే కమిటీకి వెళ్ళి చెప్పేయాలన్న వాళ్ళు కొందరు. ఒకరితో ఒకరు వాదించుకున్నారు కూడా. మీసాల విలన్‌కి ఈ వాదన పుట్టదు. ఇందులో ఇన్‌చార్జ్ కూడా చెడ్డవాడు కాదని గమనించండి. అతను ఇచ్చేది మంచి మనిషి ఇచ్చే తప్పు జవాబు. ఈ పాత్ర లేకపోతే నాటికే లేదు.

ఆ జవాబు ఎందుకు తప్పో కూడా పాలసీలోనే ఉంది. లైన్ మారిస్తే ఎవరు మారుతున్నారు? మంజుల. తెలిసిన మనుషుల్ని వదిలి వెళ్ళేది ఆమె. చట్టంలో బదిలీ ఉంది, కానీ విచారణ జరుగుతుండగా, ఆమె రాతపూర్వకంగా అడిగితే, కమిటీ సిఫార్సు చేస్తుంది. ఆమెనైనా మార్చొచ్చు, అతన్నైనా మార్చొచ్చు. లేదా ఆమెకి మూడు నెలల దాకా సెలవు ఇవ్వొచ్చు. ఇన్‌చార్జ్ తనంతట తానే మార్చేది అది కాదు.

సారీ విషయంలో నేను మొదట పొరపాటు పడ్డా. సారీ చెప్పించడం అంటేనే తప్పు అన్నట్టు రాశా. చిన్నమ్మ ఒప్పుకోలేదు. "చానామందికి కావాల్సింది అదే పాపా. వాడు మానుకుంటే చాలు, పని ఉంటే చాలు." మళ్ళీ పాలసీ తీసి చూస్తే ఆమె మాటకి చోటుంది. విచారణ మొదలయ్యే ముందు రాజీ కుదర్చవచ్చు. అయితే ఆమె అడిగితేనే, కమిటీ ద్వారానే, దాన్ని రాసి పెట్టి. డబ్బు ఇచ్చి రాజీ చేయకూడదు. కాబట్టి సారీ తప్పు కాదు. ఆమెని అడగకుండా, రాత లేకుండా, షిప్‌మెంట్ కోసం చెప్పించే సారీ తప్పు. ఈ తేడా నాకు పుస్తకంలోంచి రాలేదు, చిన్నమ్మ కాదన్నందుకు వచ్చింది.

సరైన జవాబు రాయడమే అన్నిటికంటే కష్టమైంది. మొదట రత్న చేత ఇన్‌చార్జ్‌తో "సార్, ఇది మీ పరిధిలోది కాదు" అనిపించా. చిన్నమ్మ లైన్‌మేట్స్ మళ్ళీ నవ్వారు. చెకింగ్‌లో పనిచేసే ఆమె ఇన్‌చార్జ్‌తో అలా అంటుందా? వాళ్ళే మార్చిచ్చారు: "కొంచెం టైమియ్యండి సార్. నేను ఆ పిల్లతో మాట్లాడతా. అంతవరకు ఆ పిల్లని మాత్రం మార్చొద్దండి." అంతే. ఎదిరించినట్టూ లేదు, ఒప్పుకున్నట్టూ లేదు. సోమవారం పొద్దున నిజంగా ఒకామె నోట్లోంచి రాగల మాట అయితేనే అది సరైన జవాబు.

ఆ తర్వాత రత్న మంజుల దగ్గరికే తిరిగి వెళ్తుంది.

రత్న: నేను ఎవరికీ చెప్పలే. చెప్పను కూడా, నువ్వు ఊ అనేదాకా. కానీ నాకు తెలిసింది నీకు చెప్తా, ఇను. ఇక్కడ కమిటీ ఉండాది. దానికి పెద్ద ఆడమనిషే. బయటి నుంచి కూడా ఒకరు ఉంటారు. కాగితం మీద రాసి ఇయ్యాల.

మంజుల: నాకు రాయను రాదక్కా.

రత్న: వాళ్ళే రాయను సాయం చెయ్యాల, అది వాళ్ళ పని. నువ్వు పోలేకపోతే, నీ సంతకంతో ఒప్పుకుంటే నీ తరఫున నేనే ఇయ్యొచ్చు.

మంజుల: నా పేరు బయటికి రాదు గదా?

రత్న: కమిటీ వాళ్ళు బయట చెప్పకూడదు. కానీ ఆయనకి తెలుస్తాది. నువ్విచ్చిన కాగితం కాపీ ఆయనకి పంపిస్తారు, ఆయన జవాబు చెప్పుకోవాల గదా. అది నీకు ముందే చెప్తా ఉండా.

మంజుల: సాక్ష్యం లేదక్కా. అబద్ధమని నన్నే అంటే?

రత్న: నిరూపించలేకపోవడం వేరే, కావాలని అబద్ధం చెప్పడం వేరే. నిరూపణ కాలేదని నిన్ను శిక్షించరు. ఆయన ఎప్పుడెప్పుడు ఏమన్నాడో తారీఖులు రాసిపెట్టుకో. ఫోన్లు తుడిచేయొద్దు. మూడు నెల్ల లోపల ఇయ్యాల, ఆఖరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. ఈరోజే ఇయ్యాలని ఏం లే. నీకేం కావాలో నువ్వు ఆలోచించుకో.

"ఆయనకి తెలుస్తాది" అన్న వాక్యం దగ్గర మీలో చాలామంది ముఖం చిట్లించారు. మొదటి డ్రాఫ్ట్‌లో మనం "నీ పేరు పూర్తి రహస్యం" అని రాశాం, వినడానికి ధైర్యంగా ఉంటుందని. అది నిజం కాదు. గోప్యం అంటే బయటి వాళ్ళకి, పత్రికలకి, సంబంధం లేని వాళ్ళకి చెప్పకూడదని. ఎవరి మీద ఫిర్యాదు ఇచ్చారో అతనికి కాపీ ఏడు పనిదినాల్లో వెళ్తుంది, అతను జవాబు ఇస్తాడు. ఇది తెలియకుండా ఫిర్యాదు ఇచ్చిన అమ్మాయికి ఎనిమిదో రోజు సూపర్‌వైజర్ ఎదురుపడితే, ఆమె మోసపోయానని అనుకునేది కమిటీ వల్ల కాదు, మన నాటిక వల్ల.

అదే కారణంతో చివర్లో సూపర్‌వైజర్ ఉద్యోగం పోయే దృశ్యం తీసేశాం. విచారణకి 90 రోజుల దాకా పట్టొచ్చు. ఆ తర్వాత కమిటీ సిఫార్సు మీద చర్య తీసుకోవడానికి యాజమాన్యానికి 60 రోజులు. ఏం తేలుతుందో మనకి తెలియదు, అతని మాట కూడా వినాలి. పది నిమిషాల్లో తీర్పు చెప్పేస్తే, 90 రోజులు ఎదురుచూస్తున్న మనిషి తన కేసేదో తప్పిపోయిందని అనుకుంటుంది. మా నాటిక మంజుల కాగితం చేతిలోకి తీసుకోవడంతో ఆగిపోతుంది. ఇస్తుందో లేదో చెప్పలేదు. దీన్నే మీరు చప్పగా ఉంది అన్నారు. కావచ్చు.

అబద్ధపు ఫిర్యాదుల మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. యూనిట్ ఎచ్.ఆర్. వాళ్ళు స్క్రిప్ట్ చూసి, తప్పుడు ఫిర్యాదు ఇస్తే శిక్ష ఉంటుందని ఒక లైను పెట్టమన్నారు. పాలసీలో ఉంది, నిజమే. కానీ అక్కడే రెండో వాక్యం కూడా ఉంది, నిరూపించలేకపోవడం మాత్రమే చర్యకి కారణం కాదని. పెడితే రెండూ పెట్టాలి, లేకపోతే ఏదీ వద్దు అన్నాం. మొదటి సగం ఒక్కటే పెడితే, కింద కూర్చున్న వాళ్ళకి పది నిమిషాల్లో గుర్తుండేది ఆ సగమే. మేడం వాళ్ళతో మాట్లాడి రెండూ ఒప్పించారు.

భాష గురించి చిన్న మాట. పాలసీ కన్నడంలో "ప్రతివాది", "అంతర్గత" అని ఉంటే మేము తెలుగులోకి అవే దించేశాం, రెండు భాషల్లోనూ ఒకే మాట కదా అని. "ప్రతివాది" అనగానే చిన్నమ్మ "కోర్టుకి పోవాల్నా?" అని భయపడింది. అన్నీ తీసేసి కమిటీ, కంప్లైంట్, కాగితం అని పెట్టాం. "జీరో టాలరెన్స్" అన్న మాట పాలసీలో నాలుగుసార్లు ఉంది. దాన్ని ఎవరి చేత ఎలా చేయించాలో నాకు అర్థం కాలేదు, వదిలేశా.

ప్రదర్శనకి వారం ముందు జరిగింది మీలో చాలామందికి తెలియదు. మొదటి స్క్రిప్ట్‌లో రత్న "పేర్లు నోటీసు బోర్డు మీద ఉండాయి, చూడు" అంటుంది. కమిటీ వేసిన ఆర్డరు అందరికీ కనబడే చోట పెట్టాలని చట్టంలో ఉంది కాబట్టి రాశా. చిన్నమ్మ సోమవారం వెళ్ళి చూసింది. కాగితం ఉంది. మంటలార్పే సిలిండర్ వెనక, ఇంగ్లీషులో. దాని మీద మొదటి పేరు ఆమెది, పని మానేసి చాలా కాలమైందట. సభ్యుల పదవీకాలం మూడేళ్ళకి మించకూడదని పాలసీలోనే రాసి ఉంది.

ఆరోజు నాకు నాటిక ఆడాలనిపించలేదు. మనం అంత జాగ్రత్తగా రాసిన సరైన జవాబు, అక్కడ ఎవరైనా పాటిస్తే, లేని మనిషి దగ్గరికి తీసుకెళ్తుంది. నటనలో తప్పు ఉంటే నవ్వుకుంటారు. ఇలాంటి తప్పుకి నాటికలోని ప్రతి మాటా నిజమే అయినా నాటిక మొత్తం అబద్ధం. మేడంకి చెప్పా. కొత్త పేర్లు, ఫోన్ నంబర్లు, తెలుగులోనూ కన్నడంలోనూ రాసి కొత్త కాగితం పెట్టేదాకా ఆడలేమని ఆమె మర్యాదగానే చెప్పారు. అందుకే ప్రదర్శన వారం వెనక్కి పోయింది. హాల్ దొరకలేదని మీకు చెప్పింది నేనే, క్షమించండి. ఇప్పుడా కాగితం టైమ్ పంచింగ్ మిషను పక్కన ఉంది. స్క్రిప్ట్‌లో కూడా "పంచింగ్ కాడ" అని మార్చాం.

ప్రదర్శన రోజు చేతులెత్తడం అయ్యాక, నాటిక అయ్యాక, ఎవరూ ఏమీ అడగరని అనుకున్నా. సామాన్లు సర్దుకుంటుంటే ఒకామె వచ్చింది. వయసు నాకంటే ఎక్కువ ఉండదు. "ఫ్యాక్టరీ లోపల కాకుండా, వ్యాన్‌లో అయితే?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే "నాకు కాదు, ఊరికే అడిగినా" అన్నది. యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా పని చోటే అవుతుందని చట్టంలో ఉంది. ఆ మాట చెప్పా. డ్రైవర్ కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టు మనిషి అన్నది. అయినా ఆ కమిటీకే చెప్పొచ్చు అన్నా. ఆమె పంచింగ్ మిషను వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

మన స్క్రిప్ట్‌లో వ్యాన్ లేదు. పక్క యూనిట్ వాళ్ళు కూడా వచ్చే నెల ఆడమన్నారట. భోజనాల గంట బదులు మొదటి దృశ్యం సాయంత్రం వ్యాన్‌లో, చివరి సీట్ల దగ్గర పెట్టి తిరగ రాస్తున్నా. రత్న ముందు స్టాప్‌లో దిగిపోవాలి, మంజుల దిగొద్దక్కా అంటుంది. అక్కడ ఆపి అడగాలని ఉంది. రాయడానికి వచ్చేవాళ్ళు గురువారం మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ గదికి రండి, మొదటి డ్రాఫ్ట్ నచ్చినవాళ్ళు కూడా.